ఫోనుకి ఛార్జింగ్ ఎక్కడం లేదా? ముందు రంధ్రంలోకి చూడండి

మా వీధిలో బట్టలు కుట్టే ఒకాయన ఫోను గంటన్నరలో నిండేది కాస్తా, రాత్రంతా పెట్టినా సగం కూడా ఎక్కని స్థితికి వచ్చింది. కేబుల్‌ని ఒక పక్కకి వంచి పట్టుకుంటే ఎక్కుతుంది, వదిలితే ఆగిపోతుంది. షాపులో చూపిస్తే ఛార్జింగ్ బోర్డు మార్చాలన్నారు. ఆ మాట నిజమూ కావచ్చు. కానీ డబ్బు కట్టే ముందు, తప్పు కేబుల్‌దా, ఛార్జర్‌దా, ఫోనుదా అని ఇంట్లోనే తేల్చుకోవచ్చు.

అందుకు ఒకటే నియమం: ఒకసారికి ఒక్కటే మార్చాలి. ఆయన ఛార్జర్, కేబుల్ అలాగే ఉంచి, అదే ప్లగ్గులో వాళ్లావిడ ఫోను పెట్టి చూశాం. చక్కగా ఎక్కింది. దాంతో ఛార్జర్, కేబుల్, గోడలోని ప్లగ్గు మూడూ తప్పుకున్నాయి. అనుమానం ఫోను మీదే మిగిలింది. ఒకవేళ రెండో ఫోనుకీ ఎక్కకపోయి ఉంటే, కేబుల్ ఒక్కటి మార్చి చూసేవాళ్లం. అప్పుడు బాగుంటే కేబుల్‌దే తప్పు, లేకపోతే ఛార్జర్‌దో, ప్లగ్గుదో. రెండూ ఒకేసారి మార్చేస్తే ఫోను బాగుపడినా జబ్బు ఏదో తెలియదు, పనిచేసే వస్తువు చెత్తబుట్టలో పడుతుంది.

ఎక్కుతోందో లేదో కళ్లతో అంచనా వేయకండి. బ్యాటరీ 20, 50 శాతాల మధ్య ఉన్నప్పుడు మొదలుపెట్టి, స్క్రీన్ ఆపి, పావుగంట తర్వాత చూడండి. ఈమధ్య ఫోన్లలో ఎక్కువగా ఉండే 5000 ఎంఏహెచ్ బ్యాటరీకి 18 వాట్ల ఛార్జర్ ఆ పావుగంటలో దాదాపు 20 శాతం ఎక్కిస్తుంది. 10 వాట్లదైతే 10 శాతం. పాత కంప్యూటర్ యూఎస్‌బీ రంధ్రానికి తగిలిస్తే మూడు శాతం రావడమే గొప్ప. 80 శాతం దాటాక ఏ ఫోనైనా తనంతట తానే నెమ్మదిస్తుంది, బాగా వేడెక్కినా అంతే. అది జబ్బు కాదు. అలాగే 67 వాట్లని పెట్టె మీద రాసిన ఫోనుకి వేరే కంపెనీ ఛార్జర్ తగిలిస్తే, చాలాసార్లు 10 వాట్లే అందుతాయి. ఆ వేగం రావాలంటే దానితో వచ్చిన ఛార్జరే కాదు, చాలా ఫోన్లకు దానితో వచ్చిన కేబులే కావాలి.

ఇక ఆ ఫోను విషయం. పిన్ను చివరంటా దిగడం లేదు. పిన్ను దగ్గర ఫోను అంచుకీ ప్లాస్టిక్‌కీ మధ్య గోరు దూరేంత సందు కనిపించింది. నిజానికి అక్కడ వెంట్రుకంత గీత మాత్రమే ఉండాలి. కుట్టుపనివాళ్ల జేబులో, అసలు ఎవరి జేబులోనైనా, నూగు ఆ రంధ్రంలోకి చేరుతుంది. పిన్ను పెట్టిన ప్రతిసారీ దాన్ని వెనక్కి దంచి, చివరికి గట్టి మెత్తలా చేస్తుంది. అప్పుడు లోపలి లోహపు చుక్కల్లో కొన్ని తగులుతాయి, కొన్ని తగలవు. వేగంగా ఎక్కించడం గురించి ఫోనూ ఛార్జరూ మాట్లాడుకునే చుక్కలు తగలకపోతే వేగం పడిపోతుంది, కరెంటువి తగలకపోతే అసలే ఎక్కదు.

తీసే పద్ధతి ముఖ్యం. ఫోను ఆపేయండి. టార్చి వేసి లోపల చూడండి. టైప్-సి రంధ్రం మధ్యలో పలుచని నాలుక ఉంటుంది, చుక్కలన్నీ దాని మీదే, దాన్ని తాకకూడదు. చెక్క పంటిపుల్ల కొసను ఇంకాస్త సన్నగా చెక్కి, నాలుకకీ గోడకీ మధ్య సందులో వెనక్కి పోనిచ్చి, మెల్లగా బయటికి లాగాలి. గుండుసూది, పిన్నీసు, నీళ్లు, నోటితో ఊదడం వద్దు: లోహం చుక్కల్ని గీకుతుంది, నోటి తడి లోపల చేరుతుంది. ఆ ఫోనులోంచి పెసరగింజంత బూడిదరంగు ఉండ వచ్చింది. పిన్ను టక్కుమని దిగింది, పావుగంటలో 18 శాతం ఎక్కింది.

నూగు లేకపోయినా సరిగ్గా ఎక్కకపోతే టైప్-సి పిన్నుని తిరగేసి పెట్టండి. ఒకవైపే ఎక్కి రెండోవైపు ఎక్కకపోతే, మరో కేబుల్‌తోనూ అదే పరీక్ష చేయండి. దానితో రెండువైపులా ఎక్కితే మొదటి కేబుల్ పోయినట్టు. దానితోనూ ఒకవైపే ఎక్కితే ఫోను రంధ్రమే అరిగింది, అప్పుడు బోర్డు మార్చమన్న మాట వినొచ్చు.

బ్యాటరీ పాడైతే లక్షణాలు వేరు. అది తొందరగానే నిండి తొందరగానే దిగిపోతుంది, 20, 30 శాతం చూపిస్తూనే ఫోను హఠాత్తుగా ఆగిపోతుంది. వెనక మూత పైకి లేచినా, స్క్రీన్ అంచు విడిపోతున్నా బ్యాటరీ ఉబ్బుతోందన్నమాట. అలాంటి ఫోనుని నొక్కి మూయకండి, ఇంకోసారి ఛార్జింగ్ పెట్టకండి, దిండు పక్కన ఉంచకండి. ఆపేసి నేరుగా సర్వీస్ సెంటర్‌కి పట్టుకెళ్లండి.