యూనిట్‌కు పది రూపాయలు: ఎక్కడి లెక్క?

హైదరాబాద్‌లో టులెట్ బోర్డు చూసి లోపలికి వెళ్లినవాళ్లు అద్దె గురించి అరగంట మాట్లాడతారు. అడ్వాన్సు రెండు నెలలా మూడు నెలలా అని బేరమాడతారు. బైటికి వచ్చేముందు గుమ్మంలో నిలబడి అడుగుతారు: "కరెంటు ఎట్లండీ?" "సబ్ మీటరు ఉందమ్మా, యూనిట్‌కు పది రూపాయలు. నీళ్లకు మూడొందలు." "సరేనండీ." అద్దె తర్వాత నెలనెలా చేతినుంచి పోయే పెద్ద ఖర్చు అలా అర నిమిషంలో ఖాయమైపోతుంది. ఆ పది రూపాయలు ఎలా వచ్చాయని అడిగేవాళ్లు తక్కువ.

సబ్ మీటరు డిస్కం పెట్టింది కాదు. ఇంటికి డిస్కం ఇచ్చిన మెయిన్ మీటరు ఒకటే ఉంటుంది, బిల్లు ఓనరు పేరు మీదే వస్తుంది. దాని తర్వాత ఒక్కో పోర్షన్‌కు వెళ్లే వైరుకు ఓనరు ఎలక్ట్రికల్ షాపులో కొన్న చిన్న మీటరు తగిలిస్తారు. అది యూనిట్లు లెక్కపెడుతుందే తప్ప ధర చెప్పదు. ధర తెలియాలంటే మెయిన్ మీటరు బిల్లు చూడాలి. అద్దెకు ఉండేవాళ్ల కంట సాధారణంగా పడనిది ఆ కాగితమే.

లెక్క వేసి చూస్తే సంగతి తేటపడుతుంది. కింద ఓనరు, పైన రెండు పోర్షన్లు ఉన్న ఇల్లు అనుకుందాం. ఈ నెల ఓనరు 210 యూనిట్లు, మొదటి అంతస్తువాళ్లు 140, రెండో అంతస్తువాళ్లు 130 వాడారు. మెయిన్ మీటరులో మొత్తం 480. తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన గృహ టారిఫ్ ప్రకారం నెల వాడకం 200 దాటితే మొదటి 200 యూనిట్లకు 5.10 రూపాయల చొప్పున, తర్వాతి వందకు 7.70, ఆపై వందకు 9, 400 దాటాక 9.50 పడుతుంది. అలా 1020, 770, 900, చివరి 80 యూనిట్లకు 760, వెరసి 3450. యూనిట్‌కు 6 పైసల డ్యూటీ, ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ కలిపి ఇంకో రెండొందల దాకా అవుతుంది. బిల్లు సుమారు 3650. దాన్ని 480తో భాగిస్తే యూనిట్ సగటున 7 రూపాయల 60 పైసలు.

పది రూపాయల లెక్కన పై రెండు పోర్షన్లవాళ్లు 1400, 1300 కడతారు. ఇద్దరివీ కలిపి 2700. మిగిలిన 950 రూపాయలతో ఓనరుగారి 210 యూనిట్లు తీరిపోతాయి, అంటే ఆయనకు యూనిట్ నాలుగున్నరకే పడింది. ఆ ఇంట్లో ఆయన ఒక్కరే ఉన్నా ఆ వాడకానికి 1240 దాకా కట్టాల్సి వచ్చేది. సగటు ధర ప్రకారం పంచుకుంటే మొదటి అంతస్తువాళ్ల వాటా 1064, రెండో అంతస్తువాళ్లది 988.

అయినా అది కూడా నిజానికి ఎక్కువే. మొదటి అంతస్తుకు డిస్కం మీటరు విడిగా ఉంటే 140 యూనిట్లు 200 లోపు కేటగిరీలో పడతాయి. మొదటి వందకు 3.40, తర్వాతి నలభైకి 4.80 చొప్పున 532. మిగతా చార్జీలతో 650. ఒకే మనుషులు అవే ఫ్యాన్లు వేసుకుని, అదే ఫ్రిజ్ వాడుకుంటే మూడు లెక్కల్లో 1400, 1064, 650. మూడు ఇళ్ల వాడకం ఒకే మీటరులో పోగుపడి పై స్లాబుల్లోకి ఎక్కడమే దీనికి కారణం. మూడూ విడి మీటర్లయితే ముగ్గురి బిల్లులూ కలిపి 2490 దాటవు. నెలకు 1160 రూపాయలు ఎవరికీ దక్కకుండా పోతున్నాయన్నమాట. సగటు ధరకే వసూలు చేసే మంచి ఓనరు కూడా ఇందులో నష్టపోతున్నారు. తన ఒక్కడికే అయితే 1240 అయ్యే కరెంటుకు ఆయన దాదాపు 1600 పెట్టుకుంటారు.

గృహజ్యోతి సంగతి ఇంకా బాధాకరం. ఆహార భద్రత కార్డున్న కుటుంబాలకు 200 యూనిట్ల వరకు సున్నా బిల్లు ఇచ్చే ఆ పథకం 2024 మార్చి నుంచి అద్దె ఇళ్లవాళ్లకూ వర్తిస్తోంది. కానీ అది డిస్కం మీటరుకే. 480 యూనిట్లు చూపే మెయిన్ మీటరు కింద 130 యూనిట్లతో సరిపెట్టుకునే పేద కుటుంబం ఉన్నా దానికి అందదు.

అందుకని ఇల్లు మాట్లాడుకునేటప్పుడు ముందు అడగవలసింది విడి మీటరు గురించే. ఇంటి ఓనరే కాదు, అందులో ఉంటున్నవాళ్లు దరఖాస్తు చేసినా కనెక్షన్ ఇవ్వాలని 2003 విద్యుత్ చట్టంలోని 43వ సెక్షన్ చెబుతోంది. ఆచరణలో మాత్రం ఓనరు సమ్మతి పత్రం లేనిదే పని జరగడం కష్టం. పోర్షన్‌కు విడి దారి, విడి వైరింగ్ కూడా ఉండాలి. పైన చెప్పిన లెక్కను కాగితం మీద వేసి చూపిస్తే ఒప్పుకునే ఓనర్లు లేకపోలేదు. అందులో వాళ్ల లాభమూ ఉంది.

విడి మీటరు కుదరకపోతే అగ్రిమెంటులో ఒక వాక్యం రాయించుకోవాలి. "విద్యుత్ చార్జీలు యాక్చువల్స్ ప్రకారం" అని పొడిగా రాస్తే ఎవరికి తోచిన అర్థం వాళ్లు చెప్పుకోవచ్చు. ఇలా రాయించుకుంటే తగాదా రాదు: "డిస్కం బిల్లులో ఆ నెల చార్జీల మొత్తాన్ని ఆ బిల్లులోని యూనిట్లతో భాగించగా వచ్చిన ధరకు, సబ్ మీటరులో నమోదైన యూనిట్ల మేరకు అద్దెదారు చెల్లించాలి. రెండు మీటర్ల రీడింగూ ఒకే రోజు తీయాలి. ఓనరు బిల్లు కాపీ చూపించాలి."

ఇందులో "ఆ నెల చార్జీలు" అన్న మాట ముఖ్యం. బిల్లు అడుగున కనిపించే చెల్లించవలసిన మొత్తంలో ఓనరు కట్టని పాత బకాయి, ఆలస్య రుసుము, ఏసీడీ కూడా ఉండవచ్చు. ఏసీడీ అంటే వాడకం పెరిగిందని డిస్కం అదనంగా తీసుకునే డిపాజిట్. అది ఖర్చు కాదు, ఓనరు ఖాతాలో జమ ఉండే సొమ్ము. దాన్ని కూడా కలిపి యూనిట్లతో భాగిస్తే ఓనరు డిపాజిట్‌ను అద్దెదారు కట్టినట్టే. ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటిదే ఇంకోటి ఉంది. గడిచిన సంవత్సరాల వాడకం మీద ట్రూ అప్ పేరుతో సర్దుబాటు చార్జీలు ఇప్పటి బిల్లుల్లో వసూలు చేసిన సందర్భాలున్నాయి. ఆ కరెంటు వాడినప్పుడు ఇంట్లో ఉన్నది వేరొకరైతే అది కొత్తగా దిగినవాళ్ల లెక్కలోకి రాకూడదు. అగ్రిమెంటులో ఈ ముక్క ముందే రాసుకోవడం మేలు.

ఓనరు బిల్లు చూపించకపోతే? దాని మీద ఉండే యూఎస్‌సీ నంబరు తెలిస్తే చాలు. ఫోనులో డబ్బు చెల్లించే యాప్‌లో ఆ నంబరు కొడితే కట్టాల్సిన మొత్తం కనిపిస్తుంది. రీడింగ్ తీసే మనిషి వచ్చిన రోజున గేటు దగ్గర కొట్టి ఇచ్చే చీటీలో పాత రీడింగ్, కొత్త రీడింగ్, యూనిట్లు అన్నీ ఉంటాయి. ఆ రోజే సబ్ మీటరును ఫోటో తీసుకోవాలి. మెయిన్ మీటరు ఐదో తేదీన, సబ్ మీటరు పదకొండున చూస్తే మే నెల ఏసీ యూనిట్లు ఏ లెక్కలో పడ్డాయో తేల్చడం ఎవరి తరమూ కాదు.

ఇక మీటరు నిజం చెబుతోందా అన్నది. ఎలక్ట్రానిక్ సబ్ మీటరు ముఖం మీద చిన్న ఎర్ర లైటు ఉంటుంది, దాని పక్కన 3200 imp/kWh లాంటి అంకె. ఆ లైటు 3200 సార్లు మినుకుమంటే ఒక యూనిట్ అయినట్టు. ఇంట్లో అన్నీ ఆపేసి, ఫ్రిజ్, ఇన్వర్టర్, వాటర్ ప్యూరిఫయర్ ప్లగ్గులు కూడా తీసేసి ఆ లైటును రెండు మూడు నిమిషాలు చూడాలి. మినుకుమనకూడదు. తర్వాత బకెట్ నీళ్లలో 1500 వాట్ల హీటర్ రాడ్ ఒక్కటే పెట్టి స్విచ్ వేసి, నిమిషంలో ఎన్నిసార్లు మినుకుమందో లెక్కపెట్టాలి. 80 దగ్గర రావాలి. వోల్టేజీ తక్కువ ఉంటే 65 వరకు తగ్గవచ్చు. 110, 120 వస్తే మాత్రం మీటరు మార్చమని అడగాల్సిందే. రాడ్ బదులు ఇస్త్రీపెట్టె పనికిరాదు, అది వేడెక్కగానే తనంతట తాను ఆగుతుంది.

అన్నీ ఆపినా లైటు మినుకుమంటూనే ఉంటే, పోర్షన్ లోపలి ఎంసీబీ కూడా దించి చూడాలి. అప్పుడూ ఆగకపోతే మీటరుకూ ఇంటికీ మధ్య ఎక్కడో ఇంకెవరి లైనో కలిసింది. మెట్ల లైటు కావచ్చు, బోరు మోటారు కావచ్చు. మోటారు వేసినప్పుడు లైటు వేగం పెరిగితే అనుమానం తీరిపోతుంది. గంటకు ఒకటిన్నర యూనిట్ తాగే మోటారు రోజుకో గంట నడిస్తే నెలకు 45 యూనిట్లు. అన్ని పోర్షన్లకూ నీళ్లెక్కించే మోటారు ఒక్కరి మీటరులో తిరగడం పాత ఇళ్లలో అరుదేమీ కాదు. మోసమే అనక్కర్లేదు, ఎప్పుడో ఎలక్ట్రీషియన్ దగ్గరున్న వైరుకు తగిలించి ఉంటాడు. తీగ మార్పించుకోవాలి, లేదా ఆ యూనిట్లు పోర్షన్ల లెక్కన పంచుకోవాలి.

నీళ్ల దగ్గర లెక్క ఇంత చిక్కుగా ఉండదు గానీ, అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఆ మూడొందలు దేనికి? నల్లా బిల్లుకా, మోటారు కరెంటుకా, ట్యాంకర్లకా? హైదరాబాద్‌లో జలమండలి 2021 జనవరి నుంచి గృహ కనెక్షన్లకు నెలకు 20 వేల లీటర్లు ఉచితంగా ఇస్తోంది. అందుకు మీటరు పనిచేయాలి, ఆధార్ అనుసంధానం కావాలి. ఆ బిల్లు సున్నా వస్తున్న ఇంట్లో "నల్లా బిల్లు" పేరుతో నెలనెలా డబ్బు తీసుకుంటుంటే బిల్లు చూపమని అడగడంలో తప్పు లేదు. ఎండాకాలం ట్యాంకర్ల ఖర్చు వేరు. దాన్ని నెలవారీ మొత్తంలో కలిపేశారా, విడిగా పంచుతారా, ఇంటికింతా మనిషికింతా అన్నది ముందే రాసుకోవాలి. ట్యాంకరు వచ్చిన రోజు చీటీని మెట్ల దగ్గర అంటించే పద్ధతి ఉన్న ఇళ్లలో ఈ గొడవ రాదు.

పెద్ద అపార్ట్‌మెంట్లలో ఫ్లాటుకో నీటి మీటరు ఉంటుంది. నల్ల అంకెలు వెయ్యి లీటర్ల లెక్క, ఎర్ర అంకెలు అంతకు లోపలివి. 20 లీటర్ల బకెట్ ఐదుసార్లు నింపితే మీటరు వంద లీటర్లు కదలాలి. రాత్రి కుళాయిలన్నీ కట్టేసి రీడింగ్ రాసుకుని తెల్లవారి చూస్తే, కదిలి ఉంటే లీకేజీ ఉన్నట్టే. ఎక్కువసార్లు అది ఫ్లష్ ట్యాంకులోనే ఉంటుంది.

లెక్క అడిగినందుకు కోపంతో కరెంటు, నీళ్లు ఆపేసే ఓనర్లూ ఉన్నారు. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం దాన్ని స్పష్టంగా నిషేధించింది. కానీ అది రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అమల్లోకి వస్తుంది. తెలంగాణలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టంలోనూ ఇలాంటి రక్షణ ఉన్నా, చిన్న అద్దెలున్న పాత ఇళ్లకే అది పరిమితం. మిగతావాళ్లు సివిల్ కోర్టుకు వెళ్లాలి. అక్కడ పనికొచ్చేవి అగ్రిమెంటులోని వాక్యం, నెలనెలా తీసిన మీటరు ఫోటోలు, ఫోనులో చెల్లించిన రసీదులు. ఆ ఫోటోల్లో మొదటిది తాళంచెవి చేతికొచ్చిన రోజునే, సామాను దించకముందే, ఓనరు పక్కన ఉండగా తీసుకుని ఆయన వాట్సాప్‌కు పంపాలి.