పప్పు ఆదివారం, పోపు ఏ రోజుకారోజు

వారానికి సరిపడా వంట ఆదివారమే చేసి పెట్టుకుందామనుకున్న ఉద్యోగస్తుల ఇళ్లలో చాలావరకు ఒకే తంతు నడుస్తుంది. పెద్ద గిన్నెడు టమాటా పప్పు, మరో గిన్నెడు సాంబారు, రెండు రకాల కూరలు చేసి ఫ్రిజ్ నింపుతారు. సోమవారం హాయిగా గడుస్తుంది. మంగళవారం ఫర్వాలేదు. బుధవారానికి ఆ టమాటా పప్పు మొహం చూడబుద్ధి కాదు, గురువారం అది నిజంగానే పాడవుతుంది. శుక్రవారం గిన్నె కడిగేసి, ఈ పద్ధతి మన తిండికి కుదరదని తేల్చేస్తారు.

కుదురుతుంది. అయితే ఆదివారం వంట పూర్తిచేయకూడదు, సగంలో ఆపాలి. మన పప్పుకైనా కూరకైనా రుచి ఇచ్చేవి పులుపు, కారం, పోపు. ఎక్కువ సమయం తినేది మాత్రం ఉడకబెట్టడం, తరగడం. ఆ రెండో పని ఆదివారం ముగించుకుని, మొదటిది ఏ రోజుకారోజు పది పదిహేను నిమిషాల్లో చేసుకుంటే వారమంతా ఒకే రుచి తినాల్సిన అవసరం ఉండదు.

ఇద్దరు ఉద్యోగస్తులు, బడికి వెళ్లే ఒక పిల్ల ఉన్న ఇంటిని తీసుకుందాం. రోజుకో పూట పప్పు లెక్కన ఐదు రోజులకు 600 గ్రాముల కందిపప్పు సరిపోతుంది. కడిగి అరగంట నానబెట్టి, ఐదు లీటర్ల కుక్కర్లో దాదాపు లీటరున్నర నీళ్లు, కాస్త పసుపు, చెంచాడు నూనె వేసి నాలుగు విజిల్స్ రానివ్వాలి. పప్పు పొంగుతుంది కాబట్టి కుక్కర్ సగానికి మించి నిండకూడదు. ఈ దశలో చింతపండు, టమాటా, మామిడికాయ ఏవీ వేయొద్దు. పులుపు తగిలితే పప్పు మెత్తబడక పలుకు పలుకుగా ఉండిపోతుంది. పైగా ఒకసారి పులుపు పడిందంటే ఆ వారానికి ఆ రుచే ఖాయమైపోతుంది.

ఇక్కడి నుంచి చేసే పనే అన్నిటికంటే ముఖ్యం, చాలామంది పొరపాటు చేసేదీ ఇక్కడే. కుక్కర్ దించి, మూత అలాగే ఉంచి, చల్లారాక చూద్దామని వేరే పనిలో పడతారు. మూత పెట్టిన కుక్కర్లో ముద్దలాంటి పప్పు గంటల తరబడి గోరువెచ్చగా ఉంటుంది. ఉడికినప్పుడు మామూలు సూక్ష్మజీవులు చస్తాయి గానీ, క్లాస్ట్రీడియం పెర్ఫ్రింజెన్స్ లాంటి కొన్నిటి బీజాలు ఆ వేడిని తట్టుకుని మిగులుతాయి. పప్పు మెల్లగా చల్లారుతూ 45 డిగ్రీల దరిదాపుల్లోకి వచ్చినప్పుడు అవి మొలకెత్తి చాలా వేగంగా పెరుగుతాయి. పెద్ద గిన్నెల్లో వండి వదిలేసిన పెళ్లి భోజనాల తర్వాత కడుపునొప్పి, విరేచనాలు రావడానికి ఇదొక కారణం. వాసనలోగానీ రంగులోగానీ ఏ తేడా కనబడకపోవచ్చు. నురగ, జిగట, పుల్లవాసన ఉంటే పప్పు పాడైనట్టే. అవి లేనంత మాత్రాన మంచిదని చెప్పలేం. అందుకే వాసన చూసి నిర్ణయించే పాత అలవాటును ఫ్రిజ్ తిండి విషయంలో నమ్ముకోకూడదు, గడియారాన్ని నమ్ముకోవాలి.

కాబట్టి ఆవిరి దిగగానే మూత తీసి, పప్పుగుత్తితో ఎనిపి, వెడల్పాటి స్టీలు పళ్లేల్లో రెండంగుళాల మందానికి మించకుండా పరవండి. ఆ పళ్లేలను చన్నీళ్లు పోసిన బేసిన్లో ఉంచి మధ్యమధ్య కలుపుతుంటే అరగంటలో వేడి చాలావరకు దిగిపోతుంది. ప్లాస్టిక్ కంటే స్టీలులో త్వరగా చల్లారుతుంది. వండిన పదార్థం బయట రెండు గంటలకు మించి ఉండకూడదని, గది వేడి 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటేనని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది. విజయవాడ, ఖమ్మం ఎండాకాలానికి ఆ ఒక్క గంట లెక్కే వర్తిస్తుంది. కొంచెం వెచ్చగా ఉండగానే ఫ్రిజ్‌లో పెట్టడం వల్ల ఏ నష్టమూ లేదు. పొగలు కక్కే గిన్నెను మాత్రం పెట్టకూడదు, పక్కనున్న పాలూ పెరుగూ వేడెక్కుతాయి.

చల్లారిన పప్పును ఐదు డబ్బాలకు పంచితే ఒక్కోదానిలో సుమారు కప్పున్నర వస్తుంది. రోజుకో డబ్బా, మళ్లీ వేడిచేయడం ఒక్కసారే. ఒకే పెద్ద గిన్నెలో పెట్టి రోజూ కొంత తీసుకుంటే, తీసినప్పుడల్లా గిన్నెకు వేడి తగులుతుంది, గరిటెతో పాటు కొత్త సూక్ష్మజీవులూ చేరతాయి. వండిన పప్పు, కూరలు ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులే నమ్మకంగా ఉంటాయి. అందుకని సోమ, మంగళ, బుధవారాల డబ్బాలు ఫ్రిజ్‌లో, గురు, శుక్రవారాలవి ఫ్రీజర్‌లో పెట్టాలి. గడ్డకట్టినప్పుడు పప్పు ఉబ్బుతుంది కాబట్టి వాటిలో పైన అంగుళం ఖాళీ వదలండి. డబ్బా మీద తేదీ రాసిన కాగితం అంటించండి. బుధవారం రాత్రి పడుకోబోయే ముందు గురువారం డబ్బాను ఫ్రీజర్ నుంచి కింది అరలోకి మార్చుకుంటే పొద్దుటికి కరుగుతుంది. మర్చిపోతే గడ్డనే మరిగే నీళ్లలో వేసి కరిగించుకోవచ్చు. బయట గట్టుమీద రాత్రంతా వదిలేయడం మాత్రం వద్దు.

ఫ్రిజ్ గురించి ఒక మాట. లోపలి మీట మీద ఉండే 1, 2, 3 అంకెలు సాధారణంగా డిగ్రీలు కావు, చల్లదనం స్థాయిలు. లోపల నాలుగు డిగ్రీలో అంతకంటే తక్కువో ఉందా లేదా తెలియాలంటే గ్లాసు నీళ్లలో చిన్న థర్మామీటర్ ఉంచి, మధ్య అరలో రాత్రంతా పెట్టి పొద్దున చూడాలి. కరెంటు పోతే తలుపు తీయకుండా ఉంటే దాదాపు నాలుగు గంటలు చల్లదనం నిలుస్తుంది. అంతకు మించి పోయిన రోజున ఫ్రిజ్‌లోని వండిన డబ్బాలను పారేయడమే మంచిది.

ఇక ఐదు రోజుల పప్పు. ఆకుకూరలు ముందు వాడిపోతాయి కాబట్టి సోమవారం పాలకూరో తోటకూరో తీసుకోండి. పచ్చిమిర్చి, కాస్త చింతపండుతో ఆకును ఏడెనిమిది నిమిషాలు మగ్గనిచ్చి, డబ్బాలోని పప్పు కలిపి మరిగించి, వెల్లుల్లి పోపు పెట్టాలి. మంగళవారం ముద్దపప్పు. ఉప్పు వేసి వేడిచేయడమే పని. నెయ్యి, ఆవకాయ, పక్కన పొయ్యి ఎక్కనక్కర్లేని పచ్చిపులుసు ఉంటే అదే విందు. బుధవారం టమాటా పప్పు, ఇంగువ పోపుతో. గురువారం పప్పుచారు. ఫ్రీజర్ నుంచి వచ్చిన పప్పు కాస్త విరిగినట్టు నీరు వదులుతుంది, చారుకు పలుచన చేస్తాం కాబట్టి ఆ తేడా తెలియదు. ములక్కాడ, ఉల్లిపాయ, చింతపండు రసం ఉడుకుతుండగా పప్పు వేసి, మెంతులు, ఎండుమిర్చి పోపు పెట్టండి. శుక్రవారం దోసకాయ పప్పు. దోసకాయ కోయకుండా ఉంచితే వారమంతా చెడదు, చేదు లేదని రుచి చూసి కోసుకోవడమే. పప్పు ఒక్కటే అయినా ఐదు రోజులూ పులుపు మారింది, పోపు మారింది, చిక్కదనం మారింది. ఇదే పప్పుకు ఐదు రోజులూ ఒకే జీలకర్ర ఆవాల పోపు పెడితే విసుగు తప్పదు.

కూరగాయలన్నీ ఆదివారం కోసిపెట్టుకోవడం తెలివైన పని కాదు. బెండకాయ కోసి దాస్తే జిగురు కడుతుంది, వంకాయ నల్లబడుతుంది, బీరకాయ నీరు వదిలేస్తుంది. వీటిని ఆ పూటే కోయాలి. ముందుగా చేసుకోదగ్గవి బీన్స్, చిక్కుడు, గోరుచిక్కుడు, క్యారెట్. అరకిలో బీన్స్ తరిగి, ఉప్పు వేసిన మరిగే నీళ్లలో నాలుగు నిమిషాలు ఉంచి, వార్చి, చన్నీళ్లు పోసి, పొడిగుడ్డ మీద ఆరబెట్టి డబ్బాకెత్తితే మూడు రోజులు బాగుంటాయి. తడి మిగిలితే రెండో రోజుకే జిగటగా మారతాయి. మొదటి రోజు వాటికి పచ్చికొబ్బరి వేసి వేపుడు, రెండో రోజు ఆవపెట్టిన కూర, మూడో రోజు నువ్వులపొడి జల్లిన కూర. ఆవపిండి ముద్దను పొయ్యి ఆపాకే కలపాలి, మీదనే ఉడికితే చేదెక్కుతుంది. గురు, శుక్రవారాలకు తరిగి పెట్టినవేవీ వద్దు. క్యాబేజీ, దొండకాయ, అరటికాయ లాంటి గట్టివాటిని కోయకుండా ఉంచి అప్పుడు తీసుకోండి. బంగాళాదుంపను ఉడికించి ఫ్రీజర్‌లో పెట్టకండి, స్పాంజిలా అయిపోతుంది.

అన్నం ఏ రోజుకారోజు వండుకోండి. ఎలాగూ అరగంటలోపు పని. బియ్యంలో ఉండే బాసిల్లస్ సెరియస్ బీజాలు ఉడికినా చావవు. అన్నం గంటల తరబడి బయట ఉంటే అవి పెరిగి వాంతులు తెప్పించే విషాన్ని వదులుతాయి. ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. రాత్రి అన్నాన్ని పొద్దున పులిహోర చేద్దామనుకుంటే, అది రాత్రే గంటలోపు ఫ్రిజ్‌లోకి చేరాలి.

ఇంత జాగ్రత్తగా దాచిన తిండి చివరికి లంచ్ బాక్సులో చెడే ప్రమాదం ఉంది. ఉదయం ఏడింటికి ఓ మాదిరిగా వేడిచేసి సర్దిన పప్పు మధ్యాహ్నం ఒంటిగంట దాకా గోరువెచ్చగా ఉంటుంది. ఆరు గంటలు ఆ వేడిలో ఉండటం గట్టుమీద వదిలేసినదానితో సమానమే. ఆఫీసులో ఫ్రిజ్, మైక్రోవేవ్ ఉంటే పోపు పెట్టిన పప్పును ముందురోజు రాత్రే చల్లార్చి ఫ్రిజ్‌లో ఉంచి, చల్లగానే పట్టుకెళ్లి, అక్కడ మధ్యలో ఒకసారి కలిపి పొగలొచ్చేలా వేడిచేసుకోండి. ఆ వసతి లేకపోతే వేడి నిలిపే ఫ్లాస్కు డబ్బాలో మరిగే నీళ్లు పోసి పది నిమిషాలుంచి, అవి పారబోసి, కుతకుతలాడే పప్పు నింపి వెంటనే మూత బిగించండి. రెండూ కుదరని రోజున పప్పు మానేసి, పొద్దునే చేసిన చపాతీల్లోకి కందిపొడో నువ్వులపొడో తీసుకెళ్లండి. పొడుల్లో తడి ఉండదు కాబట్టి వాటికి ఈ భయం లేదు.

మొదటి వారమే ఇవన్నీ ఒక్కసారిగా మొదలుపెట్టకండి. ఈ ఆదివారం 600 గ్రాముల కందిపప్పు, ఐదు డబ్బాలు చాలు. కూరగాయల సంగతి వచ్చే వారం చూసుకోవచ్చు.