ఒకే కారు, రెండు గ్రాఫులు

కారు కదలికను కాగితం మీద రెండు రకాలుగా గీయవచ్చు. రెండింటిలోనూ అడ్డంగా ఉండే అక్షం కాలానిదే. నిలువు అక్షం మీద కారు ఎక్కడుందో చూపితే అది స్థానం-కాలం గ్రాఫ్, ఎంత వేగంతో ఏ దిక్కుగా పోతోందో చూపితే వేగం-కాలం గ్రాఫ్. కదలిక ఒకటే అయినా గీతల రూపాలు వేరు. ఒకదాన్ని చదివే పద్ధతిలో రెండోదాన్ని చదవడం వల్లనే విద్యార్థులు ఎక్కువగా పొరబడతారు.

తిన్నని రోడ్డు మీద సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న కారును తీసుకుందాం. పచ్చదీపం పడగానే కదిలి, వేగం సమానంగా పెంచుకుంటూ 5 సెకన్లలో సెకనుకు 10 మీటర్ల వేగం అందుకుంది. గంటకు 36 కిలోమీటర్లన్నమాట. అదే వేగంతో మరో 20 సెకన్లు నడిచి, తర్వాతి సిగ్నల్ దగ్గర బ్రేకు వేయగా 4 సెకన్లలో ఆగింది.

వేగం గ్రాఫులో ఇది మూడు సరళరేఖలు: ఎక్కే గీత, అడ్డగీత, దిగే గీత. గీత వాలు అంటే సెకను గడిచేసరికి నిలువు విలువ ఎంత మారిందన్నది. మొదటి భాగంలో 5 సెకన్లకు వేగం 10 పెరిగింది కాబట్టి వాలు 2, అదే త్వరణం. మధ్యలో సున్నా. బ్రేకు వేసినప్పుడు మైనస్ 2.5.

స్థానం గ్రాఫులో వాలు చెప్పేది వేగాన్ని. కారు మెల్లగా మొదలై జోరందుకుంటుంది కాబట్టి మొదటి 5 సెకన్ల గీత పైకి వంపు తిరుగుతుంది. వంపు గీతకు వాలు ప్రతి చోటా మారుతుంది. మూడో సెకను దగ్గర వేగం కావాలంటే దానికి అటూ ఇటూ దగ్గరి బిందువులు చూడాలి. 2.9 సెకన్లకు కారు 8.41 మీటర్ల దూరంలో, 3.1 సెకన్లకు 9.61 మీటర్ల దూరంలో ఉంటుంది. 0.2 సెకన్లలో 1.2 మీటర్లు, అంటే సెకనుకు 6 మీటర్లు. వేగం గ్రాఫులో మూడో సెకను ఎదురుగా కనిపించే ఎత్తు కూడా సరిగ్గా 6.

వేగం గ్రాఫు నుంచి దూరం కావాలంటే గీతకూ కాలం అక్షానికీ మధ్యనున్న వైశాల్యం చూడాలి. వేగాన్ని కాలంతో గుణిస్తే దూరం వస్తుంది, దీర్ఘచతురస్ర వైశాల్యమూ అలాంటి గుణకారమే. ఇక్కడ మొదటి త్రిభుజం 25, మధ్య దీర్ఘచతురస్రం 200, చివరి త్రిభుజం 20. మొత్తం 245 మీటర్లు. స్థానం గ్రాఫు కింది వైశాల్యానికి మాత్రం ఇలాంటి ఉపయోగం లేదు. పనిగట్టుకుని లెక్కించినా దాంతో తేలేదేమీ ఉండదు.

బ్రేకు వేసిన 4 సెకన్లలో వేగం గీత కిందికి దిగుతుంది. దాన్ని చూసి కారు వెనక్కి వస్తోందనుకోవడం మామూలు పొరపాటు. కారు ముందుకే పోతోంది, వేగం తగ్గుతోందంతే. స్థానం గీత అప్పుడూ పైకే లేస్తూ, చివర్లో బల్లపరుపుగా మారుతుంది. నిజంగా వెనక్కి రావాలంటే వేగం గీత అక్షానికి దిగువన ఉండాలి. ఆగిన కారు స్టాప్ లైన్ దాటిందని డ్రైవర్ రివర్స్ గేరు వేసి, సెకనుకు 1 మీటరు చొప్పున 5 సెకన్లు వెనక్కి నడిపాడనుకుందాం. ఆ 5 మీటర్ల వైశాల్యం అక్షం కింద పడుతుంది. దాన్ని తీసేస్తే స్థానభ్రంశం 240 మీటర్లు, కలిపితే నడిచిన దూరం 250 మీటర్లు.

అసలు చిక్కు రెండు వాహనాలను ఒకే గ్రాఫులో గీసినప్పుడు వస్తుంది. మన కారు కదిలే క్షణంలోనే పక్కనుంచి ఒక ఆటో, సెకనుకు 5 మీటర్ల స్థిర వేగంతో దాటిపోయింది. వేగం గ్రాఫులో రెండు గీతలు 2.5 సెకన్ల దగ్గర ఖండించుకుంటాయి. కారు ఆటోను అందుకుందని అక్కడే చాలామంది రాసేస్తారు. నిజానికి అప్పటికి ఆటో 12.5 మీటర్లు, కారు 6.25 మీటర్లే పోయాయి. సమానమైనవి వేగాలు మాత్రమే. పైగా కారు వెనకబడిన దూరం అన్నిటికన్నా ఎక్కువగా ఉండేది ఆ క్షణంలోనే, ఎందుకంటే అప్పటిదాకా ఆటోదే ఎక్కువ వేగం. కారు అందుకునేది రెండు వైశాల్యాలూ సమానమైనప్పుడు. అంటే 5 సెకన్లకు, ఇద్దరూ 25 మీటర్ల దగ్గర. స్థానం గ్రాఫులో గీతలు కలిసేది అక్కడే.

వేగం గ్రాఫుకు ఒక పరిమితి ఉంది. కారు ఎంత జరిగిందో చెబుతుంది గానీ ఎక్కడి నుంచి బయలుదేరిందో చెప్పదు. ఇదే నడక మరో కూడలి నుంచి మొదలైనా గీత మారదు. అందుకే వేగం గ్రాఫు నుంచి స్థానం గ్రాఫు గీయాలంటే ప్రారంభ స్థానాన్ని విడిగా ఇవ్వాల్సిందే.