అమెరికాకు ఇంటి సబ్బు పంపుతున్నారా? లేబుల్‌పై ఏం రాశారో చూసుకోండి

మీరు ఇంట్లో చేసిన వేప సబ్బును అమెరికాలోని కస్టమర్‌కు పంపాలనుకుంటే, ముందు లేబుల్ చదవండి. ‘మొటిమలు తగ్గిస్తుంది’ అని ఉంటే అక్కడి ఎఫ్‌డీఏ దాన్ని మందుగా లెక్కిస్తుంది. ‘చర్మాన్ని మృదువుగా ఉంచుతుంది’ అంటే కాస్మెటిక్. అప్పుడు పదార్థాల పేర్లు ఎక్కువ మోతాదు నుంచి తక్కువకు, ఇంగ్లిష్‌లో రాయాలి. నూనె, కాస్టిక్ సోడాతో చేసి ఒట్టి సబ్బుగానే అమ్మితే కాస్మెటిక్ నిబంధనలు వర్తించవు.

అదే పెట్టెలో కాటుక మాత్రం వేయకండి. ఆముదం దీపపు మసితో చేసినా దానికి అక్కడ అనుమతి లేదు. సరుకు కస్టమ్స్‌లోనే ఆగిపోవచ్చు.

800 డాలర్లలోపు పార్శిళ్లకు ఉన్న సుంకం మినహాయింపును అమెరికా 2025 ఆగస్టు 29 నుంచి నిలిపివేసింది. సుంకం ఎవరు కట్టాలో ఆర్డర్ తీసుకునేటప్పుడే తేల్చుకోండి. అమ్మిన సరుకును ‘గిఫ్ట్’ అని రాయడం తప్పుడు డిక్లరేషనే.

ఇక కొరియర్ చార్జీ. చాలా కంపెనీలు పెట్టె కొలతలను సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తాయి. అలా వచ్చిన అంకె, అసలు బరువు... రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే చార్జీ. కిలో సబ్బులను 30×20×15 పెట్టెలో పెడితే 1.8 కిలోలకు కట్టాలి. 20×15×12 పెట్టెలో సర్దితే కిలోకే సరిపోతుంది.