‘పదేళ్ల అనుభవం’ అని రాస్తే చాలదు

బీఈడీ కళాశాలలో అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు వచ్చే బయోడేటాల్లో తరచూ కనిపించే వాక్యం ‘పదేళ్ల బోధనానుభవం’. ఎంపిక కమిటీకి కావలసిన సంగతి అందులో దొరకదు. పిల్లలకు పాఠం చెప్పడం ఒక పని, పాఠం ఎలా చెప్పాలో కాబోయే ఉపాధ్యాయులకు నేర్పడం వేరే పని. రెండూ ఒకే వాక్యంలో కలిసిపోతే రెండోదే మరుగున పడుతుంది.

ఒక గణితం లెక్చరర్‌ను ఊహించుకుందాం. ఎమ్మెస్సీ, ఎంఈడీ చదివారు. ఆరేళ్లు హైస్కూల్లో, నాలుగేళ్లు బీఈడీ కళాశాలలో పనిచేశారు. ఎన్‌సీటీఈ 2014 నిబంధనల ప్రకారం బోధనా పద్ధతులు చెప్పేవారికి పీజీలోనూ ఎంఈడీలోనూ 55 శాతం మార్కులుండాలి. కాబట్టి ఆ రెండు శాతాలూ మొదటి పేజీలోనే కనిపించాలి. వెతుక్కోవలసి వస్తే దరఖాస్తు అక్కడే పక్కకు పోవచ్చు.

తర్వాత బోధన. పాఠశాల అనుభవానికి రెండు వరుసలు చాలు: ఏ తరగతులు, ఏ నెల నుంచి ఏ నెల దాకా. కళాశాల అనుభవాన్ని మాత్రం విప్పి రాయాలి. ‘గణిత బోధనా పద్ధతులు, రెండేళ్ల బీఈడీ, సూక్ష్మబోధన తరగతుల నిర్వహణ, ఇంటర్న్‌షిప్‌లో ఏటా పన్నెండు మంది ఛాత్రోపాధ్యాయుల పాఠాల పరిశీలన, పాఠ్యపథకాల సవరణ’ అని రాస్తే మనిషి పని కళ్లకు కడుతుంది. ఇంటర్వ్యూలో ప్రశ్నలూ అక్కడినుంచే వస్తాయి: పాఠం మధ్యలో విద్యార్థి తడబడితే మీరేం చేశారు? పరిశీలన పుస్తకంలో ఏం రాశారు? ఆ అంకె నిజంగా మీదే అయితే జవాబు దానంతటదే వస్తుంది.

పరిశోధన దగ్గర జరిగే తప్పు, అన్నిటినీ ఒకే జాబితాలో పోయడం. అచ్చయిన వ్యాసం, అంగీకారం పొందినది, పంపి ఎదురుచూస్తున్నది వేర్వేరుగా ఉండాలి. సెమినార్‌లో చదివిన పత్రం ప్రచురణ కాదు. యూజీసీ కేర్ జాబితాను 2025లో ఆపేశారు కనుక, పాత వ్యాసానికి ‘ప్రచురణ నాటికి జాబితాలో ఉంది’ అని ఏడాదితో సహా రాయడం మేలు. ఎంఈడీ లఘుపరిశోధన అంశాన్ని కూడా వదలొద్దు. ‘ఎనిమిదో తరగతిలో బీజగణిత దోషాలు’ లాంటి అంశమైతే అది నేరుగా మీ బోధనకే ముడిపడి ఉంటుంది.

సేవ అంటే రక్తదాన శిబిరాలు రాసేవారున్నారు. అవి మంచి పనులే, కానీ ఇక్కడ అడిగేది వృత్తికి చేసిన సేవ: ఇంటర్న్‌షిప్ కోసం పాఠశాలలతో సమన్వయం, డైట్‌లో రిసోర్స్ పర్సన్‌గా శిక్షణ, ప్రశ్నపత్రాల రూపకల్పన. మీ పాత్ర ఏమిటో ప్రతిదానికీ ఒక్క మాటలో చెప్పండి. ‘పాల్గొన్నాను’ అంటే శిక్షణ ఇచ్చారో తీసుకున్నారో తెలియదు.

మధ్యలో ఉద్యోగం లేని నెలలుంటే దాచొద్దు. పీహెచ్‌డీ కోర్స్‌వర్క్ అయినా, ప్రసవమైనా ఒక వరుసలో రాసేయండి. సర్వీస్ సర్టిఫికెట్లలోని తేదీలతో బయోడేటా తేదీలను సరిచూస్తారు, అందుకే పంపేముందు ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని ఒకసారి చదవండి.