లోటు, తరుగు, నిరుపయోగం: పాఠశాల నిల్వల నివేదికలో మూడు మాటలు

ఆళ్లగడ్డ పాఠశాల గిడ్డంగిలో వస్తువులను లెక్కించి రాసిన నివేదికను నంద్యాలలోని జిల్లా అధికారి చదువుతారు. ఆ గిడ్డంగి ఆయన ముందు ఉండదు, అందులోని మాటలు మాత్రమే ఉంటాయి. అందువల్ల ‘లోటు’, ‘తరుగు’, ‘నిరుపయోగం’ అనే మూడు మాటలు ఒకదాని స్థానంలో మరొకటి చేరితే నిర్ణయమే మారిపోతుంది.

పుస్తకంలో ఉండి గదిలో లేనిది లోటు. ఎండడం, రాలడం వంటి సహజ కారణాలతో తగ్గినది తరుగు. గదిలో ఉన్నా పనికి రానిది నిరుపయోగం. మొదటిదానికి బాధ్యుని వివరణ, రెండవదానికి కారణ నిరూపణ, మూడవదానికి వస్తు పరీక్ష అవసరం. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమావళి (2017)లోని 213వ నియమం ప్రకారం ఏటా కనీసం ఒకసారి నిల్వలను భౌతికంగా సరిచూడాలి. ఆ సమయంలో వాటి సంరక్షణ బాధ్యుడు అక్కడ ఉండాలి. రాష్ట్ర పాఠశాలలకు రాష్ట్ర నియమావళి వర్తించినా, బాధ్యుని సమక్షంలో లెక్కించడంలోని ప్రయోజనం అక్కడా అదే: తేడాపై వివరణ అప్పటికప్పుడే నమోదవుతుంది.

ఆళ్లగడ్డలోని ఒక ఉన్నత పాఠశాలలో 6, 7, 8 తరగతుల మధ్యాహ్న భోజన బియ్యం లెక్కను ఉదాహరణగా ఊహిద్దాం. ప్రారంభ నిల్వ 300 కిలోలు, వచ్చినవి 500 కిలోలు. రిజిస్టరులో 3,400 భోజనాలు నమోదయ్యాయి. భోజనానికి 150 గ్రాముల చొప్పున ఖర్చు 510 కిలోలు కాగా, పుస్తక నిల్వ 290 కిలోలు. ఆరు గోనెసంచులను తూచగా 282.48 కిలోలు వచ్చింది. సంచికి 580 గ్రాముల వంతున తీసివేస్తే బియ్యం 279 కిలోలే. అంటే తేడా 11 కిలోలు.

ఈ 11 కిలోలనూ ‘తరుగు’గా రాసి రద్దు కోరడం సులభం, కాని సరికాదు. వంటవారి రోజువారీ పుస్తకంలో ఉండి స్టాకు రిజిస్టరుకెక్కని 60 భోజనాలు కనిపించాయి. ఆ రోజుల హాజరుపట్టీ కూడా వాటిని బలపరిచింది. వాటి బియ్యం 9 కిలోలు. ఇది నష్టం కాదు, నమోదులో జరిగిన పొరపాటు. దీనికి తేదీతో కూడిన సవరణ పద్దు చాలు. మిగిలిన 2 కిలోలకే కారణం చూపి రద్దు ప్రతిపాదించాలి. కారణం తేలకపోతే వాటిని లోటుగానే చూపాలి. సంచుల బరువు తీసివేయడం మరచి ఉంటే, సవరణ తరువాత దాదాపు ఒకటిన్నర కిలోల మిగులు కనిపించేది. తూకంలోని పొరపాటు లోటును ఈ విధంగా దాచగలదు.

బల్లల విషయం వేరు. పుస్తకంలో 40, గదిలో 40 ఉండి వాటిలో ఆరు విరిగి ఉంటే లెక్కలో తేడా లేదు. ఆ ఆరింటినీ నిరుపయోగ పట్టికలో చేర్చి, కొన్న సంవత్సరం, వెల, ప్రస్తుత స్థితి, మరమ్మతుకు అయ్యే ఖర్చు రాయాలి. మంజూరు వచ్చి వాటిని వేలం వేసేవరకు రిజిస్టరులో ఆ సంఖ్య 40గానే ఉండాలి. ముందే 34 అని దిద్దితే, గదిలోని ఆరు బల్లలకు లెక్కలో యజమాని ఉండడు. అవి మాయమైనా మరుసటి తనిఖీ గుర్తించలేదు.

కాబట్టి ప్రతి పద్దుకూ పుస్తక సంఖ్య, భౌతిక సంఖ్య, తేడా, కారణం, ప్రతిపాదన వరుసగా ఉండాలి. ‘కారణం’ గడి ఖాళీగా ఉన్న చోట ‘ప్రతిపాదన’ గడిలో రద్దు అనే మాట రాకూడదు.