చర్మపు పొరల మధ్య ఒక బుడిపె: పాడి పశువులలో క్షయ పరీక్ష

పంటల సాగు శాస్త్రం నా వృత్తి. పశువైద్యం నా రంగం కాదు. అయితే మా సమగ్ర వ్యవసాయ క్షేత్రంలో పైరుతోపాటు పాడి పశువుల లెక్కలు కూడా నా పర్యవేక్షణలోనే ఉండేవి. ఆ కారణంగా క్షయ పరీక్ష చేసిన రోజులలో పశువైద్యుల పక్కన నిలబడి కొలతలు రాసుకునే బాధ్యత నాకు దక్కింది. ఆ పుస్తకంలో ఒక గడి ఖాళీగా మిగిలిపోవడం వల్ల ఎదురైన ఇబ్బందే ఈ వ్యాసానికి ప్రేరణ.

పశువులలో క్షయను కలిగించే సూక్ష్మజీవి మైకోబాక్టీరియం బోవిస్. వ్యాధి సోకిన ఆవు నెలల తరబడి ఆరోగ్యంగానే కనిపిస్తుంది, పాలు ఇస్తుంది. కాచని పాల ద్వారా అది దూడకూ, మనిషికీ చేరవచ్చు. బయటి లక్షణాలు కనబడే నాటికి మందలోని మరికొన్నింటికి అంటుకొని ఉంటుంది. అందుచేతనే లక్షణాల కోసం ఎదురు చూడక, ఆ సూక్ష్మజీవి నుండి శుద్ధి చేసిన ప్రోటీనును (ట్యూబర్‌క్యులిన్‌ను) చర్మంలోనికి ఎక్కించి, శరీరం దానిని గుర్తుపడుతుందా లేదా అని చూస్తారు. గుర్తుపట్టిన శరీరం వెంటనే స్పందించదు. జ్ఞాపకం కలిగిన రక్షక కణాలు అక్కడికి చేరి, చర్మాన్ని గట్టిపరచడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఫలితాన్ని 72 గంటలకు చూడటంలోని అంతరార్థం ఇదే.

పరీక్ష మెడ మధ్యభాగంలో చేస్తారు. వెంట్రుకలను కత్తిరించి, చర్మాన్ని మడతగా పట్టి, కాలిపర్‌తో మందాన్ని మిల్లీమీటర్లలో కొలిచి రాసుకోవాలి. తొలి కొలత లేనిదే మూడవ నాటి కొలతకు అర్థం లేదు. తరువాత 0.1 మిల్లీలీటరు మందును, సన్నని పొట్టి సూదితో, సూదికొన కోతముఖం పైకి ఉండేలా ఏటవాలుగా గుచ్చి, చర్మపు లోపలి పొరలలోనికి వదలాలి.

సూది వాలు ఎందుకంత ముఖ్యమో చిన్న లెక్కతో తెలుస్తుంది. ఒక ఆవు మెడ చర్మపు మడత 7 మిల్లీమీటర్లు ఉందనుకుందాం. మడతలో రెండు పొరలు ఉంటాయి కాబట్టి ఒక్క పొర మందం సుమారు 3.5 మిల్లీమీటర్లు. సూదిని 5 మిల్లీమీటర్ల మేర లోనికి పంపితే, 15 డిగ్రీల వాలులో దాని మొన 1.3 మిల్లీమీటర్ల లోతుకు, 30 డిగ్రీలలో 2.5 మిల్లీమీటర్ల లోతుకు చేరుతుంది. ఈ రెండూ చర్మంలోపలే. 45 డిగ్రీలైతే మాత్రం మొన 3.5 మిల్లీమీటర్లకు, అనగా చర్మపు అడుగు అంచుకు చేరుతుంది. పశువు కాస్త కదిలినా మందు చర్మం దాటి కింది వదులు కణజాలంలోకి పోతుంది. మనిషి ముంజేతిపై చేసే మాంటూ పరీక్షలో చర్మం మరీ పలుచన. అందువలన అక్కడ 5 నుండి 15 డిగ్రీల వాలు చెబుతారు.

చర్మం కిందికి జారిన మందు ఒకచోట నిలవదు. త్వరగా చెదరిపోతుంది. అప్పుడు వ్యాధి ఉన్న పశువులో కూడా వాపు రాకపోవచ్చు. రైతు దానిని శుభవార్తగా భావిస్తాడు. మందు సరైన చోట పడిందని చెప్పే సాక్షి ఒక్కటే: చర్మంపై వెంటనే లేచే బుడిపె. మనిషి చేతిపై అది 6 నుండి 10 మిల్లీమీటర్ల వెడల్పున తెల్లగా కంటికి కనిపిస్తుంది. పశువులో వేలితో తడిమితే బఠాణీ గింజంత గట్టిగా తగులుతుంది. నల్లని మందపాటి చర్మంగల గేదెలలోనయితే చూపును నమ్మరాదు, వేలినే నమ్మాలి. పిస్టన్ నొక్కుతున్నప్పుడు చర్మం ఎదురు ఒత్తిడి ఇవ్వాలి. మందు అడ్డులేకుండా జారిపోతే చెయ్యి తప్పు చోట ఉందని అర్థం. ఈ బుడిపె కొద్దిసేపటికే కరిగిపోతుంది. దానిని ఫలితంగా భావించడం మరొక పొరపాటు.

ఒక ఉదయం మా మందలోని పశువులన్నింటినీ ఒకే దఫాలో పరీక్షించారు. ఎండ పెరుగుతోంది, పశువులు బెదురుతున్నాయి, పని త్వరపడింది. మూడవ రోజు అన్నింటా ఫలితం శూన్యమే. అందరం సంతోషించాము. పుస్తకం తిరగవేసినపుడు నాలుగు ఆవుల ఎదుట ‘బుడిపె’ గడి ఖాళీగా ఉంది. తడిమి చూడవలసింది ఎవరో, రాయవలసింది ఎవరో తేలలేదు. రాయించి ఉండవలసినవాడిని నేనే.

వెంటనే మళ్ళీ గుచ్చడం తగదు. ఒకసారి ట్యూబర్‌క్యులిన్ అందుకున్న శరీరం కొంతకాలం మందకొడిగా స్పందిస్తుంది. కనీసం 42 రోజులు ఆగాలి. మేము 60 రోజులు ఆగాము. ఈసారి తులనాత్మక పరీక్ష చేశారు. పైన పక్షిజాతి క్షయ ట్యూబర్‌క్యులిన్, సుమారు 12 సెంటీమీటర్ల దిగువన పశుజాతిది. నేలలోనూ నీటిలోనూ ఉండే ఇతర మైకోబాక్టీరియాలు, జోన్స్ వ్యాధి కారకం కూడా చర్మాన్ని ఉబ్బించగలవు. రెండు వాపుల తేడా అసలు దోషిని వేరు చేస్తుంది.

నాలుగింటిలో ఒక సంకరజాతి ఆవు మెడపై, పక్షిజాతి మందు చోట మడత 6 నుండి 9కి పెరిగింది. పశుజాతి చోట 7 నుండి 12కు పెరిగింది. పెరుగుదల 3, 5. ఒంటరి పరీక్షలో 4 మిల్లీమీటర్లు లేదా అంతకు మించిన పెరుగుదల వ్యాధి ఉన్నట్లే. ఆ కొలమానంతో ఇది దోషి. తులనాత్మక పరీక్షలో తేడా 4 దాటాలి. ఇక్కడ తేడా 2 మాత్రమే. 1 నుండి 4 వరకు సందేహాస్పదం. కనుక తీర్పు ఇవ్వక, ఆవును వేరుగా కట్టి, మరో 60 రోజులు ఆగాము. పాలు తాగే దూడను కూడా వేరు చేశాము. అయితే తొలి పరీక్ష తరువాతి రెండు నెలలూ అది తల్లి దగ్గరే ఉంది.

మూడవసారి పక్షిజాతి చోట 6 నుండి 8, పశుజాతి చోట 7 నుండి 14. తేడా 5. సందేహం తీరింది. కొలిచినది మొదటిసారి కొలిచిన వైద్యుడే, కాలిపర్ కూడా అదే. ఇది చిన్న విషయం కాదు. ఒకరు గట్టిగా, మరొకరు వదులుగా మడతను నొక్కితే 1 మిల్లీమీటరు తేడా చేతిలోనే పుడుతుంది. సందేహపు హద్దుల దగ్గర ఆ 1 మిల్లీమీటరే ఆవు భవితవ్యాన్ని మార్చగలదు.

ఫలితం సరిగా చదివినా పరీక్షకు పరిమితులున్నాయి. ఇటీవలే సోకినదీ, వ్యాధి ముదిరి శరీరం స్పందనను కోల్పోయినదీ, ఈనిన తొలి వారాలలో ఉన్నదీ తప్పించుకోవచ్చు. అందుకే ఈనిన తేదీ కూడా పుస్తకంలో ఒక గడిగా చేర్చాము.

దూడ మెడ చిన్నది కనుక ఒకవైపు ఒక మందు, రెండవ వైపు మరొకటి వేశారు. రెండు చోట్లా బుడిపె తగిలిందని వైద్యుడు చెప్పగా రాసుకున్నాను. మూడవ రోజు రెండు వైపులా 4 నుండి 5కు మాత్రమే పెరిగింది. మలి పరీక్షకు 60 రోజుల తరువాతి తేదీ వేసి, పుస్తకం మూశాను.